సంచి ఇంటికి, తాంబూలం చేతికి

గృహప్రవేశానికి 320 మంది వస్తారని వంటాయనకి చెప్పిన లెక్కనే చాలా ఇళ్ళలో రిటర్న్ గిఫ్టులకీ చెప్పేస్తారు. భోజనానికి ఆ లెక్క సరిపోతుంది. విస్తరి మనిషికొకటి పడాలి కాబట్టి. సంచి మాత్రం మనిషికొకటి ఇవ్వం, ఇంటికొకటి ఇస్తాం. తాంబూలమేమో ఇంటికొకటి ఇచ్చి ఊరుకోం. అత్తగారూ కోడలూ కలిసి వస్తే ఇద్దరికీ బొట్టు పెట్టి ఇద్దరి చేతుల్లోనూ పెడతాం. అంటే ఒకే ఫంక్షన్‌లో మూడు రకాల లెక్కలున్నాయి: మనుషులు, ఇళ్ళు, ఆడవాళ్ళు. ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోటే ఒక ఇంట్లో అరవై సంచులు మిగిలి అటకెక్కుతాయి, ఇంకో ఇంట్లో మధ్యాహ్నం రెండింటికల్లా రవికల గుడ్డలు అయిపోయి ఎవరినో బజారుకి పరిగెత్తిస్తారు.

విజయవాడలో ఒక మామూలు ఇంటి గృహప్రవేశాన్ని ఉదాహరణగా తీసుకుని, కాగితం మీద లెక్క వేయడం దగ్గర నుంచి సంచి చేతికిచ్చేదాకా ఒకసారి నడిచి చూద్దాం. ఇక్కడ రాసే ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. బజారు ధరలు సీజన్‌ని బట్టి, ముహూర్తాల రద్దీని బట్టి మారతాయి.

ముందు ఏమేం ఇవ్వాలో తేల్చుకోవాలి. ఈ ఇంటివాళ్ళు సంచిలో మూడే పెడదామనుకున్నారు. ఏటికొప్పాక లక్క భరిణెల జత ఒకటి, అంటే పసుపుకొకటి, కుంకుమకొకటి. ఐదు పూతరేకులున్న పెట్టె ఒకటి. ఇంటి పేరు, ముహూర్తం తేదీ అచ్చువేసిన చిన్న కార్డు ఒకటి. తాంబూలంలో రవికల గుడ్డ, పసుపు పాకెట్టు, కుంకుమ పాకెట్టు, రెండు తమలపాకులు, రెండు వక్కలు, రెండు అరటిపళ్ళు. తాంబూలాన్ని సంచిలో కుక్కకుండా విడిగా చేతికివ్వాలన్నది ఇంటి పెద్దావిడ పట్టుదల. నాకు కూడా అదే సరైన పద్ధతనిపిస్తుంది. ఆచారం సంగతి అలా ఉంచినా, పూతరేకుల పెట్టె మీద అరటిపళ్ళు పెట్టి సంచి మూతి కడితే వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళేసరికి పొడి మిగులుతుంది.

ఇప్పుడు ఇళ్ళ లెక్క. పిలుపులు 140 ఇళ్ళకి వెళ్ళాయి. ఈ 140ని నాలుగు గుంపులుగా విడదీస్తే తప్ప ఎంతమంది వస్తారో అందదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామల వరస ఇళ్ళు 30. వాళ్ళంతా వస్తారు. మిగతా బంధువుల ఇళ్ళు 45. ఊళ్ళు తిరిగి రావాలి కాబట్టి 36 వస్తాయని వేసుకున్నారు. అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు 40, అందులో 36. ఆఫీసు స్నేహితులు 25, వాళ్ళలో 18. మొత్తం 120 ఇళ్ళు. రాలేని బంధువుల్లో ఐదిళ్ళకి ఎలాగూ పంపాలి. ఇవి కాక లిస్టులో ఎక్కడా కనపడని పేర్లు కొన్నుంటాయి: పురోహితుడు, వంట మేస్త్రి, ఇల్లు కట్టిన మేస్త్రి, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్, పనమ్మాయి. పత్రిక ఇవ్వలేదని వీళ్ళు లిస్టులో ఉండరు, ఆ రోజు మాత్రం ఉదయం నుంచీ మన ఇంట్లోనే ఉంటారు. ఆ ఆరుగురినీ కలిపితే 131. దానిమీద నూటికి ఐదు చొప్పున ఏడు అదనం. సంచుల సంఖ్య 138.

నూటికి ఐదు చాలా అని అడుగుతారు. గుంపులుగా విడదీసి వేసుకుంటే చాలు. విడదీయకుండా, 320 మందిలో సగం చూద్దామని 160 వేసుకునేవాళ్ళకి ఆ అదనం ఎంతుందో వాళ్ళకే తెలియదు.

ఇక ఆడవాళ్ళ లెక్క. ప్రతి సంచితో పాటు ఒక తాంబూలం వెళుతుంది. ఆఫీసు నుంచి ఒక్కడే వచ్చినాయనకి కూడా, ఇంట్లో ఆవిడకిమ్మని ఇస్తారు. ఇవి 138. దగ్గరి చుట్టాల 30 ఇళ్ళలోనూ ఇంటికి ఇంకొక ముత్తయిదువైనా ఉంటుంది, కోడలో తోటికోడలో. అవి 30. బంధువుల 36 ఇళ్ళలో సగానికి, 18. ఈ 48కి ఇంకో ఏడు అదనం వేసుకుంటే 55. తాంబూలాలు మొత్తం 193.

అంటే 320 మంది వచ్చే ఫంక్షన్‌కి 138 సంచులు, 193 తాంబూలాలు. ఈ రెండు అంకెల్నీ పెద్ద అక్షరాలతో కాగితం నెత్తిన రాసుకోవాలి. కింద రాసే ప్రతి వస్తువూ ఈ రెంటిలో దేని నుంచి పుట్టిందో పక్కనే చూపించాలి.

చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే, అదీ చిన్న వస్తువు దగ్గర. ఖాళీ భరిణె చేతికివ్వకూడదంటారు మన పెద్దవాళ్ళు. కాబట్టి ఒక భరిణెలో పసుపు పాకెట్టు, ఇంకోదానిలో కుంకుమ పాకెట్టు పెడతారు. తాంబూలంలో కూడా అవే పాకెట్లు ఉన్నాయి. తాంబూలాల లెక్క చూసి 193 తెప్పిస్తే 138 తక్కువ పడతాయి. నిజంగా కావలసింది 193, 138 కలిపి 331. ఒకే వస్తువు రెండు చోట్లకి వెళుతున్నప్పుడు రెండు చోట్లనీ విడివిడిగా రాసి కూడాలి. పాకెట్టు విలువ రూపాయో రెండో కాబట్టి ఎవరూ దీన్ని పట్టించుకోరు. సంచులు కట్టే రాత్రి అవి అయిపోతే మాత్రం పనంతా ఆగిపోతుంది.

కావలసిన లెక్క ఒకటి, కొనవలసిన లెక్క ఒకటి. ఈ ఇంటి కాగితం ఇలా తయారైంది:

జనపనార సంచులు: కావలసినవి 138. కట్టకి 50 కాబట్టి 150.
భరిణెల జతలు: 138. కొటేషన్ చూశాక తేల్చాలి.
పూతరేకుల పెట్టెలు: 138.
కార్డులు: 138. అచ్చు 150.
రవికల గుడ్డలు: 193. కొనేవి 200.
పసుపు, కుంకుమ పాకెట్లు: ఒక్కోటి 331. కొనేవి 350 చొప్పున.
తమలపాకులు: 386. వంద ఆకుల కట్టలు ఐదు.
వక్కలు: 386. కొనేవి 400.
అరటిపళ్ళు: 386. 35 డజన్లు.

తమలపాకులు వందకి పైగా ఎక్కువ ఎందుకంటే, కట్ట విప్పితే చినిగినవీ కొస విరిగినవీ మచ్చలున్నవీ ఏరేయాలి. కొస లేని ఆకు తాంబూలంలో పెట్టరు. అన్ని కట్టల్లోనూ వంద ఆకులే ఉంటాయనుకోవద్దు, కొట్టువాణ్ణి అడగాలి. అరటిపళ్ళూ అంతే. అత్తం నుంచి విడదీసేటప్పుడు తొడిమ దగ్గర తొక్క చీలిన పండు పక్కకి పోతుంది. 386 కావాలంటే 32 డజన్ల రెండు పళ్ళు. 35 డజన్లు, అంటే 420 తెస్తే ఏరుకోవడానికి వీలుంటుంది, మిగిలితే ఇంట్లో తినేస్తారు. పూతరేకుల పెట్టెలకి ఇలాంటి అదనం వేయక్కర్లేదు. 138లోనే ఏడు అదనం ఉంది.

లెక్క తేలాక సంచి కొలత. ఒక్కో వస్తువు ఒక్కోటి చిల్లరగా కొని, బల్ల మీద ఒక నమూనా సంచి కట్టి చూడకుండా టోకు ఆర్డరు ఇవ్వొద్దు. ఇక్కడ పూతరేకుల పెట్టె పొడవు 9 అంగుళాలు, వెడల్పు 5, ఎత్తు 2. దుకాణంలో చూపించిన మొదటి సంచి చూడ్డానికి బాగుంది, కానీ దాని అడుగు వెడల్పు 4 అంగుళాలే. పెట్టె అందులో పడుకోలేదు, అంచు మీద నిలబడింది. నిలబెట్టిన పెట్టెలో పూతరేకులు ఒకదాని మీదకొకటి జారి, కింద ఉన్నది నలిగిపోతుంది. అడుగు 5 అంగుళాలున్న సంచిలో భరిణెల అట్టపెట్టె కింద, పూతరేకుల పెట్టె దాని మీద వెల్లకిలా చక్కగా కూర్చున్నాయి. ఈ ఒక్క అంగుళం సంగతి నమూనా కట్టినప్పుడే తెలుస్తుంది. ఫోన్‌లో ఫొటో చూస్తే తెలియదు.

సంచి ఎంపికలో చట్టం సంగతి కూడా ఉంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు దేశమంతటా నిషిద్ధం. గుడ్డలా కనపడే నాన్-వోవెన్ సంచులు కూడా ప్లాస్టిక్కే. అవి 60 జీఎస్ఎమ్‌కి తగ్గకూడదు. చవగ్గా కోట్ చేసేవాళ్ళు జీఎస్ఎమ్ చెప్పరు, అడిగి రాయించుకోవాలి. స్వీటు పెట్టె చుట్టూ మెరిసేలా చుట్టే పలచటి ప్లాస్టిక్ పొర 2022 జూలై 1న నిషేధించిన వస్తువుల జాబితాలో ఉంది. పెట్టెలకి ఆ పొర వద్దని మిఠాయి దుకాణానికి ఆర్డరులోనే చెప్పేస్తే సరి.

కొటేషన్ల దగ్గరికొద్దాం. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడివాళ్ళు అంకుడు కర్రని లేతు మీద తిప్పి, తిరుగుతున్న కర్రకే లక్క రంగు పట్టిస్తారు. చేతిపని కాబట్టి 138 జతలు ఎవరి దగ్గరా అలమరాలో సిద్ధంగా ఉండవు. ఫంక్షన్‌కి నెలన్నర ముందు చెప్పడం మంచిది, మాఘమాసం ముహూర్తాలైతే ఇంకా ముందు. అడిగేటప్పుడు కూడా 'భరిణె ఎంతండీ' అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అందరికీ ఒకే మెసేజ్ పంపాలి. ఈ ఇంటాయన పంపింది ఇదీ:

'అయ్యా, పసుపు కుంకుమ భరిణెలు, రెండున్నర అంగుళాల అడుగు, మూడంగుళాల ఎత్తు, రెండూ ఒక అట్టపెట్టెలో, 138 జతలు కావాలి. పన్ను, ప్యాకింగు, విజయవాడ దాకా రవాణా అన్నీ కలిపి జతకి ఎంత పడుతుందో చెప్పండి. కనీసం ఎన్ని తీసుకోవాలి? పగిలినవి, మూత పట్టనివి వస్తే మార్చి ఇస్తారా? ఏ తేదీకి చేరతాయి? అడ్వాన్సు ఎంత?'

మూడు జవాబులొచ్చాయి. మొదటాయన జత 92 రూపాయలన్నాడు. పన్ను 5 శాతం, ప్యాకింగు 600, రవాణా సుమారు 900, అన్నీ అదనం. పగిలినవి మార్చడు. రెండో ఆవిడ జత 110, అన్నీ కలిపి ఇంటికి చేరుస్తానంది. పాడైనవి వారంలో మార్చి ఇస్తానంది. మూడో ఆయన అన్నీ కలిపి 85కే ఇస్తానన్నాడు, కానీ 200కి తగ్గకుండా తీసుకోవాలన్నాడు.

పైపైన చూస్తే మూడో ఆయనది చవక, రెండో ఆవిడది ఖరీదు. సంచికెంత పడిందో చూస్తే వరస తారుమారవుతుంది. మొదటాయన మార్చి ఇవ్వడు కాబట్టి పగిలేవాటికి ఆరు ఎక్కువ వేసుకుని 12 డజన్లు, అంటే 144 తీసుకోవాలి. వాటి ధర 13,248. ప్యాకింగు కలిపితే 13,848. దానిమీద పన్ను 692. రవాణా 900. మొత్తం 15,440. మనం కట్టేవి 138 సంచులు కాబట్టి సంచికి దాదాపు 112 రూపాయలు. రెండో ఆవిడ దగ్గర సరిగ్గా 138 తీసుకుంటే చాలు, 15,180. సంచికి 110. మూడో ఆయనకి 17,000 కట్టాలి. సంచికి 123, పైగా 62 జతలు ఇంట్లో మిగులుతాయి.

కొటేషన్లు పోల్చడమంటే ఇదే. సప్లయర్ చెప్పిన ముక్క ధరని పక్కన పెట్టి, ఇంటికి చేరి పనికొచ్చిన వస్తువుల ఖర్చుని మన సంచుల సంఖ్యతో భాగించాలి. మొదటాయనకీ రెండో ఆవిడకీ తేడా రెండే రూపాయలు. ఆ రెండు రూపాయలు ఎటున్నా నేను రెండో ఆవిడకే ఇస్తాను. లక్క భరిణెకి మూతే ప్రాణం. మూత బిగిసి రాకపోయినా, వదులై ఊడిపోయినా ఆ జత పనికిరాదు. అలాంటివి మార్చి ఇస్తాననే మాట విలువ రెండు రూపాయల కంటే చాలా ఎక్కువ. ఆ మాట ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో ఉండాలి. అడ్వాన్సు సగమిచ్చి, మిగతా సగం సరుకు లెక్కపెట్టుకున్నాక ఇవ్వాలి.

రవికల గుడ్డకి ఇంకో చిక్కుంది. రెండు దుకాణాలు రెండు ధరలు చెబితే ముందు కొలత అడగాలి. ఒకరిది 80 సెంటీమీటర్ల ముక్క అయివుంటుంది, ఇంకొకరిది మీటరు. నూలా, పాలిస్టర్ కలిసిందా అన్నది తర్వాతి ప్రశ్న. చవకరకం గుడ్డ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి తాంబూలాల్లోనే తిరుగుతుంది. ఎవరూ కుట్టించుకోరు. నా వరకు సంచిలో ఒక వస్తువు తగ్గించైనా సరే మీటరు నూలు గుడ్డ పెట్టమంటాను. విజయవాడవాళ్ళకి వన్‌టౌన్‌లో వస్త్రలత ఉంది, తాను లెక్కన కొని కత్తిరించుకోవచ్చు. అయితే తానులో మొదలూ చివరా కొంత పోతుంది. ఇరవై మీటర్ల తానుకి ఇరవై ముక్కలు వస్తాయని లెక్కేసుకోకూడదు, పందొమ్మిది అనుకోవాలి.

పూతరేకుల ధర కొందరు ముక్కకి చెబుతారు, కొందరు పెట్టెకి, కొందరు కిలోకి. పెట్టెకి ఐదు చొప్పున 138 పెట్టెలంటే 690 ముక్కలు. ముక్క లెక్కనే అడగాలి, నెయ్యి ఎంత వేస్తారో ఒకటి తిని చూడాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచే తెప్పించాలంటే ప్రయాణంలో నలగని గట్టి అట్టపెట్టె ధర కూడా కోట్‌లో ఉందో లేదో చూడాలి. ఎన్ని రోజులు నిలవుంటాయో, ఎప్పుడు చుట్టారో పెట్టె మీద రాయించాలి. 2020 అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే మిఠాయిలకి కూడా ఏ తేదీలోగా తినాలో దుకాణంలో చూపించాలన్న నియమముంది కాబట్టి ఇది అడగడానికి మొహమాటపడక్కర్లేదు. పెట్టెలు ఫంక్షన్ ముందురోజు సాయంత్రానికి చేరాలి. ఇంకా ముందు తెస్తే ఇంట్లో తేమకి మెత్తబడతాయి, ఆ ఉదయం తెస్తే దారిలో బండి ఆగిందని గుండె దడ.

సరుకు వచ్చిన రోజే లెక్కపెట్టాలి, పైపైన కాదు. భరిణెలకి రెండు మూతలూ తీసి వేసి చూడాలి. ఇది సంచులు కట్టే రాత్రి చేసే పని కాదు. ఆ రాత్రి పట్టని మూత బయటపడితే దాన్ని మార్చే టైము ఉండదు. వారం ముందు బయటపడితే రెండో ఆవిడ మార్చి పంపుతుంది. చూశాక చల్లటి చోట పెట్టాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో వాటిని వదిలేయకూడదు.

కట్టడం రెండు విడతలు. పాడవనివన్నీ రెండు రోజుల ముందు రాత్రి. మిగిలినవి ఆ ఉదయం.

రాత్రి పనికి పొడవైన బల్ల ఒకటి, మనుషులు ఐదుగురు చాలు. పదిమంది వస్తామంటారు, వద్దనాలి. సంచి చేయి మారే వరస ఇలా ఉంటుంది. మొదటి మనిషి మడతలున్న జనపనార సంచిని విప్పి, అడుగు సరిగ్గా పరిచి నిలబెడతాడు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది కానీ కొత్త సంచి మొండికేస్తుంది, ఒక్కోదానికి 25 సెకన్లు పడుతుంది. తర్వాత భరిణెలవాళ్ళు: అట్టపెట్టె తెరిచి, మూతలు తీసి, ఒకదానిలో పసుపు, ఒకదానిలో కుంకుమ పాకెట్టు పెట్టి మూసి ఇవ్వాలి. దీనికి 40 సెకన్లు. ఆ తర్వాత మనిషి ఆ పెట్టెని సంచి అడుగున పెట్టి, పక్కన కార్డు దోపుతాడు. చివరి మనిషి చూసి, లెక్కపెట్టి పక్కన వరసగా పెడతాడు.

ఈ వరసలో అందరికంటే నెమ్మది ఎవరైతే వాళ్ళే మొత్తం పని టైముని నిర్ణయిస్తారు. భరిణెల దగ్గర ఒక్కరే ఉంటే సంచికి 40 సెకన్లు, 138 సంచులకి 92 నిమిషాలు. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూస్తుంటారు. అక్కడ ఇద్దర్ని కూర్చోబెడితే ఇద్దరూ కలిసి 20 సెకన్లకొకటి అందిస్తారు. అప్పుడు సంచి విప్పే 25 సెకన్లే నెమ్మది, పని గంటలోపే అయిపోతుంది. ఐదో మనిషిని అందుకే పెట్టుకున్నాం. ఆరో మనిషి వచ్చినా పని ఇంతకంటే త్వరగా కాదు, అతణ్ణి సంచి విప్పడానికి రెండో చేయిగా వేస్తే తప్ప.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. పాకెట్టు మూసిన భరిణెలో ఉంటుంది, భరిణె అట్టపెట్టెలో ఉంటుంది. ఒకదానిలో కుంకుమ పెట్టడం మరిచిపోతే బయటికి కనపడదు. తూకం వేసినా దొరకదు. జనపనార సంచుల బరువులోనే పది గ్రాముల తేడాలుంటాయి, చిన్న పాకెట్టు లేని లోటు అందులో కలిసిపోతుంది. భరిణెల జత మొత్తం లేకపోతేనే తూకం పట్టుకుంటుంది. అందుకని సరుకంతా బల్ల మీద కుమ్మరించకూడదు. ఇరవై చొప్పున విడతలుగా తేవాలి: ఇరవై సంచులు, ఇరవై జతలు, ఇరవై పసుపు, ఇరవై కుంకుమ, ఇరవై కార్డులు, లెక్కపెట్టి. ఇరవయ్యో సంచి కట్టేసరికి బల్ల మీద ఏమీ మిగలకూడదు. ఒక కుంకుమ పాకెట్టు మిగిలిందంటే ఈ ఇరవైలో ఎక్కడో ఒక భరిణె ఖాళీగా ఉందన్నమాట. ఇరవై తెరిచి చూస్తే దొరుకుతుంది. ఇలా విడదీయకుండా కడితే అదే పాకెట్టు రాత్రి పన్నెండింటికి మిగిలి కనిపిస్తుంది, అప్పుడు 138 తెరవాలి. ఎవరూ తెరవరు. మన ఖాళీ భరిణె ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళిపోతుంది.

138 అంటే ఆరు విడతలు ఇరవైలు, చివర పద్దెనిమిది. ఒక విడత పూర్తయ్యాకే రెండో విడత సరుకు బల్ల మీదకి రావాలి. మధ్యలో ఎవరో ప్రేమగా ఇంకో గుప్పెడు పాకెట్లు తెచ్చి పోశారంటే లెక్క చెడిపోతుంది. సరుకు తీసిచ్చే పని ఒక్కరిదే అయివుండాలి. ఓపికున్న పెద్దమ్మనో పిన్నినో ఆ గదిలో కూర్చోబెడితే చాలు. 'పెద్దమ్మా, నాలుగో ఇరవై ఇవ్వు' అంటే ఆవిడ లెక్కపెట్టి ఇస్తుంది, అడక్కుండా ఏదీ రాదు.

తాంబూలాల్లో పాడవని సగం కూడా ఆ రాత్రే. కాగితం కవరులో రవికల గుడ్డ, దానిమీద పసుపు, కుంకుమ పాకెట్లు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కుంకుమ పాకెట్టుని వేళ్ళ మధ్య నొక్కి చూడాలి. అతుకు సరిగ్గా పడని పాకెట్టు నొక్కితే చివర్న సన్నటి ఎర్రగీత కనపడుతుంది. అలాంటిది ఒక్కటి వెళ్ళినా తెల్ల గుడ్డో పసుప్పచ్చ గుడ్డో పాడైపోయినట్టే. 350 తెచ్చింది ఇలాంటివి పక్కకి తీయడానికే. ఈ కవర్లు తొమ్మిది ఇరవైలు, చివర పదమూడు. దీనికి ఇద్దరు చాలు.

ఉదయం పని చేసేవాళ్ళు వేరే ఉండాలి. ఇంటివాళ్ళకి ఆ పూట తీరిక ఉండదు: గుమ్మం పూజ, పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం. వ్రతం నడుస్తుండగా ఇద్దరు పిల్లలు పూతరేకుల పెట్టెలు సంచుల్లో పైన వెల్లకిలా పెడుతూ పోవచ్చు. ఇంకొకరు తమలపాకులు చూడాలి. తడిగుడ్డలో చుట్టి ఉంచిన ఆకులు తీసి తుడిచి, రెండేసి జతచేసి పళ్ళెంలో పెట్టుకోవాలి. తడి ఆకు కాగితం కవరు మీద పడితే కవరు చిరుగుతుంది. అరటిపళ్ళు అత్తం నుంచి విడదీశాక తొడిమ దగ్గర జిగురు కారుతుంది. అది గుడ్డకి అంటితే మరక పోదు. విడదీసి ఒక గంట ఆరనిస్తే ఆ భయముండదు. పళ్ళూ ఆకులూ కవరులో వేయరు. ఇచ్చేటప్పుడు కవరు మీద పెట్టి చేతికిస్తారు. ముందే కవర్లలో పెట్టేస్తే ఆకులు వాడిపోతాయి, పళ్ళ కింద గుడ్డ నలుగుతుంది.

ఇచ్చే చోటు భోజనాల దగ్గర నుంచి బయటికి వెళ్ళే దారిలో ఉండాలి. గృహప్రవేశంలో జనం ఒకేసారి వస్తారు, తిని ఒకేసారి బయల్దేరతారు. పన్నెండున్నర నుంచి రెండు దాకా రద్దీ. బొట్టు పెట్టి తాంబూలమిచ్చేది ఒక ఆడపడుచు, పక్కన ఆకులూ పళ్ళూ కవరు మీద పెట్టి అందించేది ఇంకొకరు. సంచి ఇచ్చే మనిషి వేరు. అతని దగ్గర ఇళ్ళ లిస్టు ఉండాలి, ఇచ్చిన ఇంటికి టిక్కు పెట్టాలి. టిక్కు లేకపోతే భర్త ఒకవైపు నుంచి, భార్య ఇంకోవైపు నుంచి వచ్చి ఒకే ఇంటికి రెండు సంచులు వెళతాయి. అందులో వాళ్ళ తప్పేమీ ఉండదు, ఇస్తే వద్దనరు కదా. తెలియని ముఖం వస్తే పేరు అడగడానికి మొహమాటమైతే 'ఎవరి తరఫండీ' అంటే చాలు, లిస్టులో ఏ గుంపో తెలిసిపోతుంది.

ఆరుగురి సంచులు, పురోహితుడిదీ మేస్త్రులదీ వాచ్‌మన్‌దీ పనమ్మాయిదీ, ముందే పేర్లు రాసి లోపలి గదిలో పెట్టేయాలి. చివర్లో మిగిలినవి ఇద్దామనుకుంటే చివరికి మిగలకపోవచ్చు. ఊరికి పంపే ఐదు సంచులు కూడా అక్కడే. వాటిలో పూతరేకులు కొరియర్‌లో వేస్తే పొడే చేరుతుంది. అటు వెళ్ళే బంధువుల చేతికివ్వాలి. ఎవరూ దొరకకపోతే పూతరేకుల పెట్టె తీసేసి, భరిణెలు గుడ్డలో చుట్టి పంపి, మిఠాయికి బదులు కాజాలో సున్నుండలో పెట్టొచ్చు.

సాయంత్రానికి మిగిలిన సంచుల్లోంచి పూతరేకుల పెట్టెలు తీసి అపార్ట్‌మెంట్‌లో రాలేకపోయిన నాలుగిళ్ళకి ఇచ్చేస్తే అవి పాడవవు. భరిణెలు ఉంటాయి, మరో శుభకార్యానికి వస్తాయి. విప్పని పసుపు, కుంకుమ పాకెట్లు వెనక్కి తీసుకుంటారేమో కొనేటప్పుడే అడిగి ఉంచుకోవాలి. పాడైన భరిణెలుంటే ఫొటోతో సహా వారంలోగా ఆవిడకి పంపాలి. టిక్కులు పెట్టిన లిస్టుని చదివింపుల పుస్తకంలో పెట్టేస్తే, ఆ ఇంట్లో తర్వాత జరిగే పెళ్ళికి బంధువుల 45 ఇళ్ళలో నిజంగా ఎన్ని వచ్చాయో, 36 అన్న అంచనా ఎంత సరిపోయిందో చూసుకుని ఈసారి లెక్క మొదలుపెట్టొచ్చు.